వచ్చాను, ఒప్పుకోలేదు

మార్కెట్ తరలింపుపై వ్యాపారుల అభిప్రాయం అడిగే మూడో సమావేశం అది. మునిసిపల్ ఆఫీసు మేడ మీద గదిలో ఇరవై ఆరుగురు కూర్చున్నారు. కొత్త షెడ్డుకు ఏ రంగు రేకులు వేయాలో చెప్పమన్నాడు అధికారి. బస్టాపు పక్కనున్న తన చోటు పోతుందన్నదే ఆకుకూరల పెద్దమ్మ బెంగ.

"రంగు మాకెందుకయ్యా? వద్దంటే తరలింపు ఆగుతుందా?"

"ఆగదమ్మా," అన్నాడాయన. అబద్ధమాడే ఓపిక ఆయనకు లేదు. "మీ మాట వినడం వరకే నా పని. కావాలంటే సలహా కమిటీలో రెండు కుర్చీలిస్తాం. నిర్ణయం మాత్రం కౌన్సిల్‌దే."

"కూర్చోడానికి నాకు గోనెపట్టా ఉందిలే. ఎవరి కొట్టు ఎక్కడో తేల్చే కమిటీ కావాలి. అందులో సగానికి పైగా మేముండాలి."

"ఆ అధికారం కౌన్సిల్ తీర్మానం చేసి ఇవ్వాలి."

గుమాస్తా సంతకాల కోసం హాజరు పట్టీ అందరి చేతికీ తిప్పాడు. పోయినసారి ఇలాగే సంతకాలు తీసుకుని, ఫైల్లో 'అంగీకరించినవారు' అని రాశారు. పెద్దమ్మ సంతకం పెట్టి, పక్కనే 'వచ్చాను, ఒప్పుకోలేదు' అని రాసింది. తరువాతి వాళ్లూ అదే రాశారు.

"పట్టీ పాడైంది సార్," అన్నాడు గుమాస్తా.

అధికారి పట్టీ అందుకుని చదివాడు. "అలాగే ఫైల్లో పెట్టు. వాళ్లడిగింది కౌన్సిల్ అజెండాలో చేర్చు."

"అంటే ఇంకో మీటింగా?" అంది పెద్దమ్మ.

"ఇంకోటి. అందులో ఓట్లుంటాయి, కౌన్సిలర్లవి."

"మరి మావి?"

"ఇంకా లేవమ్మా."

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచింది. "తేదీ చెప్పు. బేరం మానుకుని వస్తాను."