ఎదురొచ్చిన కరెంటు

ఆ కాలనీలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. కరెంటాయన అంటారు. ఇరవై ఆరేళ్లుగా లైన్‌మన్. ఏ స్తంభానికి ఏ ఇంటి తీగ తగిలించి ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. చెప్పి ఊరుకోడు, ఆ ఇంటివాళ్లు లైట్లు ఆర్పకుండా పడుకుంటారని రెండు చీవాట్లు కూడా కలిపి చెప్తాడు. పని వచ్చినవాడు కాబట్టి ఆ మాత్రం టెక్కు ఉందనుకోవచ్చు. లోకంలో పని రానివాళ్లకే బోలెడంత టెక్కు ఉంటోంది.

ఆయన అక్కా బావా ఉండేది సరిగ్గా ఆ లైను చివరి స్తంభం పక్కన. అక్కకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. రోజుకు పదహారు గంటలు ఆక్సిజన్ మిషను నడవాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. మిషను పాడుకాకుండా దానికో స్టెబిలైజర్. అందులో వోల్టేజి అంకెలు కనపడవు, రెండే దీపాలు. పచ్చది వెలిగితే మిషను నడుస్తున్నట్టు. ఎర్రది వెలిగితే వోల్టేజి తేడా వచ్చి, మిషనుకు కరెంటు ఆపేసినట్టు.

ఈ మధ్య మిట్టమధ్యాహ్నం ఎర్రది వెలగడం మొదలైంది. పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట. అప్పటికి పక్కనున్న సిలిండరు గొట్టం తగిలించుకుంటుంది అక్క.

"వోల్టేజి పడిపోతోందక్కా. చివరి ఇల్లు కదా, మీదాకా వచ్చేసరికి చచ్చిపోతుంది" అన్నాడు కరెంటాయన. ఊరికే అనలేదు. డ్యూటీ దిగాక సాయంత్రం వచ్చి ప్లగ్గులో మీటరు పెట్టి చూశాడు: రెండు వందల ముప్పై ఉండాల్సిన చోట రెండు వందల నాలుగు. మర్నాడు మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లి, తీగ చుట్టూ టాంగ్ టెస్టర్ బిగించి చూశాడు: నూట పది ఆంపియర్లు. మధ్యాహ్నం పూట అంత లోడా! అందరూ ఏసీలు వేసుకుని పడుకుంటున్నారన్నమాట. ఇంకేం కావాలి, లెక్క సరిపోయింది.

ట్రాన్స్‌ఫార్మర్ మీద ట్యాప్ అని ఒక తిప్పుడు పిడి ఉంటుంది. దాన్ని ఒక మెట్టు పైకి తిప్పితే వీధి మొత్తానికి ఆరేడు వోల్టులు పెరుగుతాయి. కానీ ఇంజినీరు అనుమతి లేకుండా దాని జోలికి పోకూడదు. కరెంటాయన ఏం చేశాడంటే, శనివారం పొద్దున్నే ఆయిలు చూడాలని చెప్పి లైను ఆపించి, మూడో నంబరులో ఉన్న ట్యాప్‌ను ఐదుకు తిప్పేశాడు. రిజిస్టరులో రాయలేదు, బావ చెవిలో మాత్రం వేశాడు. అక్క కోసం ఆమాత్రం చేయకపోతే ఇంక ఈ ఉద్యోగం ఎందుకు?

ఆ సాయంత్రం మీటరు పెడితే రెండు వందల పదహారు. ఆయన మొహం చేటంత అయింది.

"చూశావా అక్కా! ఇంక నీకు ఎర్ర దీపం బెడద లేదు. నీ తమ్ముడంటే ఏమనుకున్నావ్?"

"నువ్వుండగా నాకేం భయంరా" అంది అక్క.

ఆదివారం, సోమవారం, మంగళవారం రోజూ సాయంత్రం వచ్చాడు. మీటరు చూశాడు, "బాగుందా?" అని అడిగాడు, "బాగుంది" అనిపించుకున్నాడు, ఈల వేసుకుంటూ వెళ్లాడు.

బుధవారం పదకొండున్నరకి అక్కవాళ్ల పక్కింటి మాస్టారు ఆయన్ని రోడ్డు మీద పట్టుకున్నాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకున్న మనిషి. ఆయన్ని చూసి వీధిలో ఇంకో పద్దెనిమిది ఇళ్లవాళ్లు పెట్టించుకున్నారు.

"ఏమయ్యా, శనివారం నుంచి మా సోలారు మధ్యాహ్నమంతా ఆగుతోంది, మళ్లీ వస్తోంది, మళ్లీ ఆగుతోంది. గ్రిడ్ వోల్టేజి ఎక్కువని చూపిస్తోంది. నువ్వేమన్నా చూస్తావా, లేక పై ఆఫీసుకు రాయమంటావా?"

"ఎక్కువా?" పగలబడి నవ్వాడు కరెంటాయన. "మాస్టారూ, ఈ వీధి చివర వోల్టేజి ఎక్కువుండటం నేను పుట్టి ఎరగను. మీకెవడో డొక్కు పెట్టె అంటగట్టాడు. పదండి, మీ కళ్ల ముందే చూపిస్తాను."

వెళ్లి, మాస్టారి ఇంట్లో మీటరు పెట్టాడు. రెండు వందల అరవై మూడు.

మీటరును అరచేతికేసి కొట్టి మళ్లీ పెట్టాడు. రెండు వందల అరవై నాలుగు. మాస్టారు ఏమీ అనలేదు. పాఠం చెప్పి బతికినవాడు కదా, ఎప్పుడు మాట్లాడకూడదో తెలుసు.

కరెంటాయనకు నవ్వు ఆగిపోయింది. స్టెబిలైజర్ రెండు వందల అరవై దాటితే ఆపేస్తుంది. తక్కువైనా అదే ఎర్ర దీపం, ఎక్కువైనా అదే ఎర్ర దీపం. గోడ అవతల అక్క ఉంది. గేటు కూడా వేయకుండా పరిగెత్తాడు.

మిషను చప్పుడు లేదు. ఎర్ర దీపం వెలుగుతోంది. మంచం మీద అక్క దిండ్లకు ఆనుకుని, ముక్కుకు సిలిండరు గొట్టం పెట్టుకుని కళ్లు మూసుకుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. బావ సిలిండరు మీద వంగి, గాలి ఇంకాస్త తక్కువ వదిలేలా వాల్వు తిప్పుతున్నాడు. పొదుపు.

"ఎంతసేపటి నుంచి బావా?"

"పదిన్నర నుంచి." బావ తల ఎత్తలేదు. "ముల్లు చివరికొచ్చింది. ఇంకో అరగంట వస్తుందేమో. రెండోది నింపడానికి ఇచ్చాను, సాయంత్రం గాని ఇవ్వనన్నాడు."

కరెంటాయన ఫోను తీసి ఇంజినీరమ్మకు చేశాడు. ఆమె ఈ సెక్షనుకు వచ్చి మూడు నెలలైంది, వయసులో ఈయన కూతురంత ఉంటుంది. ఇన్నాళ్లూ ఆమెకు పని నేర్పుతున్నది తానేనని ఈయన నమ్మకం.

"మేడమ్, చివరి స్తంభం దగ్గర రెండు వందల అరవై నాలుగు ఉంది. ఇక్కడ మా అక్క ఆక్సిజన్ మీద ఉంది. తీగ ఏదో తెగి ఉంటుంది మేడమ్, లేకపోతే..."

"ఆగండి. పక్కిళ్లలో సోలార్ ఉందా?"

"ఉంది."

"ముందు పక్కింటి సోలార్ ఆపించి మీటరు చూడండి. నేను లైన్లోనే ఉంటా."

దానికీ దీనికీ ఏం సంబంధమని అడిగే ఓపిక లేదాయనకు. కిటికీలోంచి కేకేశాడు. "మాస్టారూ! మీ సోలార్ స్విచ్చి కట్టేయండి! మీకు దండం పెడతాను!"

మాస్టారు కట్టేశాడు. అక్క మంచం పక్క ప్లగ్గులో పెట్టిన మీటరులో అంకె కళ్ల ముందే దిగింది: రెండు వందల యాభై ఏడు.

"దిగింది మేడమ్!"

"ఎదురింట్లో కూడా ఆపించండి."

మాస్టారే వెళ్లి ఎదురింటి తలుపు బాదాడు. రెండు వందల యాభై ఒకటి. స్టెబిలైజర్ వెంటనే నమ్మదు, మూడు నిమిషాలు చూసిగాని కరెంటు ఇవ్వదు. ఆ మూడు నిమిషాలూ అందరి కళ్లూ ఎర్ర దీపం మీదే. టక్కుమని పచ్చ దీపం వెలిగింది, మిషను గుర్రుమంది. బావ గొట్టం మార్చాడు. కరెంటాయన నేల మీదే చతికిలపడ్డాడు.

"మేడమ్, నాకు అర్థం కాలేదు" అన్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. "మొన్న మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నూట పది ఆంప్స్ చూశాను. అంత లోడు ఉంటే వోల్టేజి పడాలి గదా?"

"టాంగ్ టెస్టర్ ఎంత పోతోందో చెప్తుంది, ఎటు పోతోందో చెప్పదు. మీరు చూసింది లోడు కాదు. పంతొమ్మిది ఇళ్ల మీద తయారైన కరెంటు ఆ టైములో ఎవరూ వాడక, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వస్తోంది. కరెంటు ఎక్కడ బయల్దేరితే అక్కడ వోల్టేజి ఎక్కువుంటుంది. రాత్రిళ్లు అది మన దగ్గర బయల్దేరుతుంది. మధ్యాహ్నం మీ అక్కగారి వీధి చివర బయల్దేరుతోంది."

కరెంటాయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. ఎక్కువైన చోట తాను ఇంకో పన్నెండు వోల్టులు ఎక్కించాడు.

"కానీ మూడో ట్యాప్ మీద ఇంత ఉండకూడదే" అంది ఇంజినీరమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు.

చెప్పకపోయినా గడుస్తుంది. సాయంత్రం ఎలాగూ లైను ఆపిస్తారు, అప్పుడు గుట్టుగా తిప్పేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాకపోలేదు. మంచం మీద అక్క వైపు చూశాడు.

"ఐదులో ఉంది మేడమ్. శనివారం నేనే తిప్పాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, రాయలేదు."

"మెమో ఇస్తాను. జవాబు రాయండి" అంది ఇంజినీరమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "సిలిండరు వచ్చాక చెప్పండి, అప్పుడే లైను ఆపుదాం" అంది.

నాలుగున్నరకు నిండు సిలిండరు వచ్చింది. ఇంజినీరమ్మ జీపులో వచ్చి దగ్గరుండి లైను ఆపించింది. రెండు వైపులా తీగలకు ఎర్తు తగిలించారు, ఇళ్ల వైపు నుంచి కూడా కరెంటు రాగల రోజులు మరి. ఐదులో ఉన్న ట్యాప్ రెండుకు దిగింది. రిజిస్టరులో కరెంటాయనే రాశాడు. పంతొమ్మిది సోలార్లలో పన్నెండు ఒకే ఫేజు మీద కూర్చున్నాయని తేలింది, అక్క ఇల్లు కూడా ఆ ఫేజు మీదే ఉంది. వాటిని మూడు ఫేజులకూ పంచే పని మర్నాటికి పెట్టుకున్నారు. అప్పటిదాకా మధ్యాహ్నం తన సోలార్ ఆపే ఉంచుతానన్నాడు మాస్టారు. మేడ మీది ట్యాంకులకు మోటార్లు సాయంత్రం కాకుండా మధ్యాహ్నం వేసుకోమని వీధంతా తిరిగి చెప్పే పూచీ కూడా ఆయనే తీసుకున్నాడు. దాంతో మధ్యాహ్నం పెరిగేదీ తగ్గుతుంది, సాయంత్రం పడేదీ తగ్గుతుంది.

చీకటి పడేవేళ అక్క దగ్గరికి వచ్చాడు కరెంటాయన. ప్లగ్గులో వోల్టేజి నూట తొంభై ఎనిమిది. ఫ్యాను నీరసంగా తిరుగుతోంది గాని పచ్చ దీపం కదలకుండా ఉంది, ఆ మాత్రం తక్కువను స్టెబిలైజర్ మోయగలదు. అక్క పెదవులకు రంగు వచ్చింది.

"మూడు రోజులక్కా. మూడు రోజులు నేను అడుగుతూనే ఉన్నాను. బాగుందని ఎట్లా చెప్పావ్?"

అక్క మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడగట్టుకోవాలి.

"చెబుదామనే అనుకున్నారా. నువ్వేమో గుమ్మంలోంచే మొహం ఇంత చేసుకుని వస్తావు. నా కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకుని చేశావని మీ బావ చెప్పాడు. అంత చేసినవాడితో, నీవల్ల ఎర్ర దీపం ఇంకా ఎక్కువైందిరా అని ఎట్లా అనను? కాస్త ఊపిరే కదా, సర్దుకుందాం అనుకున్నా."

"కాస్త ఊపిరే కదానా!" కోప్పడబోయాడు. మంచం పట్టె మీద తల ఆనించి, ఏభై దాటిన మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. బావ లేచి వసారాలోకి వెళ్లిపోయాడు.

అక్క ఆయన తల మీద చెయ్యి వేసింది.

"ఇక నిన్ను అడగనక్కా" అన్నాడు చాలాసేపటికి, ముక్కు తుడుచుకుంటూ. "రోజూ మధ్యాహ్నం పూటే వచ్చి మీటరు పెట్టి చూస్తాను."

"మీటరు రోజూ పెడుతూనే ఉన్నావురా" అంది అక్క. "ఈసారి వచ్చినప్పుడు ముందు నా మొహం చూడు."