బలం గోళీలు

పద్దెనిమిదేళ్లుగా మా ఊరికి ఆశా కార్యకర్తను నేను. ఆలేరు పక్క ఊరు మాది. కొత్తగా కాపురానికి వచ్చిన ఏ కోడలైనా నా ఉపన్యాసం వినకుండా తప్పించుకోలేదు. పిల్లలు కావాలనుకుంటే కనీసం నెల ముందు నుంచి, కుదిరితే మూడు నెలల ముందు నుంచి రోజూ ఒక ఫోలిక్ యాసిడ్ గోళీ వేసుకోవాలని, రక్తపరీక్ష చేయించుకోవాలని, మొగుడు గుట్కా మానాలని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అత్తలు మూతి తిప్పుకునేవాళ్లు. కడుపే పండలేదు, అప్పుడే గోళీలేంటని నవ్వేవాళ్లు. నేను మాత్రం వదిలేదాన్ని కాదు.

ఇంత నోరున్నదాన్ని, నా కన్నబిడ్డ దగ్గరికి వచ్చేసరికి మూగదాన్నయ్యాను.

ఆషాఢమని మా అఖిల పుట్టింటికి వచ్చింది. పెళ్లయి నాలుగు నెలలు. అల్లుడు ప్రమోద్ యాదగిరిగుట్టలో ఫొటో స్టూడియో నడుపుతాడు, నెమ్మదస్తుడు. శ్రావణంలో తిరిగి వెళ్లాక పిల్లల కోసం చూడాలని ఇద్దరూ అనుకున్నారట. ఆ మాట చెబుతూ అఖిల తల వంచుకుంది. నేను అంతకంటే కిందికి వంచుకున్నాను. దానికి గోళీల సంగతి చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే, దానికి ముందు నాకు పుట్టి పోయిన పిల్లవాడి గురించి చెప్పాలి. ఆ మాట మా ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా ఎవరూ ఎత్తలేదు.

అందుకని దొంగ పని ఒకటి చేశాను. గోళీలను అట్ట నుంచి వొలిచి, పేరు కనబడకుండా కాగితం పొట్లంలో కట్టి, ఒంట్లో బలానికి రోజుకొకటి వేసుకోమని అఖిల చేతిలో పెట్టాను. గోళీని దాని అట్టలోనే ఉంచాలని ఊరందరికీ చెప్పేది నేనే. ఇప్పటికీ ఆ పొట్లం తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పన్నెండు రోజుల తర్వాత మా ఆయన బిక్షం మగ్గం గుంతలో కూర్చుని నేస్తూ, ఈ మధ్య కాళ్లలో సత్తువ వచ్చిందని, తొక్కుడు కర్రలు తేలికగా ఆడుతున్నాయని మురిసిపోయాడు. బిడ్డ ఇచ్చిన బలం గోళీల మహిమట. లోపలికి వెళ్లి పొట్లం చూస్తే సగం ఖాళీ. తండ్రి పొద్దంతా మగ్గం తొక్కుతూ కాళ్లు గుంజుతున్నాయని మూలుగుతుంటే, బలానికేగా అని అఖిల రోజుకొకటి ఆయనకే ఇచ్చింది. అది ఒక్కటీ వేసుకోలేదు.

ఆయనకు వాటివల్ల ఏమీ కాదు. కానీ నా బిడ్డకు పన్నెండు రోజులు పోయాయి. కోపమంతా అఖిల మీదికే తన్నుకొచ్చింది. ఇచ్చింది వేసుకోకుండా దానధర్మాలు చేస్తావా అని అరిచాను. తప్పు చేసినవాళ్లకే గొంతు ఎక్కువ లేస్తుంది కాబోలు. అది బిత్తరపోయి, అవేం గోళీలో ముందే చెప్పుంటే ఇచ్చేదాన్నా అని అడిగింది. రేపు దవాఖానకు పోదాం, అక్కడ డాక్టరమ్మ చెబుతుందిలే అని తప్పించుకున్నాను.

మరునాడు పొద్దున్నే వెళ్లాం. డాక్టర్ కోమల నన్ను చూసి, ఇవాళ సొంత బిడ్డనే తెచ్చినట్టుందే అని నవ్వింది. అఖిల బరువు, బీపీ చూసింది. రక్తం, షుగర్, థైరాయిడ్ పరీక్షలకు రాసింది. తర్వాత మామూలుగా అడిగే మాటే అడిగింది. నీ వైపుగానీ మీ ఆయన వైపుగానీ ఎవరికైనా వెన్ను, తల సరిగా ఏర్పడని పిల్లలు పుట్టారా అని.

అఖిల లేరంది. ఏ అనుమానమూ లేకుండా చెప్పింది. డాక్టరమ్మ రాసుకోబోయింది.

ఎందరో ఆడవాళ్లను ఇదే కుర్చీ దగ్గరికి తెచ్చి, ఏదీ దాచొద్దమ్మా అని చెప్పినదాన్ని. ఇప్పుడు ఊరుకుంటే ఆ కాగితం మీద అబద్ధం పడుతుంది. దాని ఫలితం నా బిడ్డ కడుపు మోస్తుంది.

"ఉన్నడు మేడం," అన్నాను. "నా మొదటి కాన్పు. మగపిల్లగాడు. వెన్ను కింద తోలు మూసుకోలే. పొద్దున పుట్టి మాపటికి పోయిండు."

అఖిల నా వైపు తిరిగింది. ఆ చూపును తట్టుకోలేక గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. పొట్లం కట్టి ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ గోళీల సంగతీ చెప్పేశాను. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కుటుంబంల గిట్ల ఒకరికి అయినప్పుడు మామూలు గోళీ సరిపోదమ్మా," అని అఖిలకు నెమ్మదిగా చెప్పింది. "ఎక్కువ మోతాదుది, ఐదు మిల్లీగ్రాములది రాస్తున్న. రోజుకొకటే. మీ అమ్మ ఇచ్చినవి ఇంక వద్దు. నెల తప్పిందని నీకు తెలిసేసరికే లోపల పిల్ల వెన్ను మూసుకునే పని దాదాపు అయిపోతది. అందుకే ముందుగాల మొదలుపెట్టాలె. మూడు నెలలు వేసుకోని, పరీక్షలు చూసుకోని అప్పుడు ఆలోచించుండ్రి. కడుపుతోటి ఉన్నంక కూడా మూడో నెల నిండేదాక ఆపొద్దు."

గోళీ వేసుకుంటే ఇక భయమే ఉండదా అని అఖిల అడిగింది. అంత హామీ ఎవరూ ఇవ్వలేరని, కానీ ప్రమాదం చాలా తగ్గుతుందని ఆమె చెప్పింది. నా వైపు తిరిగి, అది నీ తప్పు కాదు సావిత్రమ్మా అంది. ఆ సంగతి నాకు తెలుసు. మొదటి శిక్షణలోనే తెలిసింది. గ్రహణం నాడు నేను వంకాయలు తరిగినందుకే అలా పుట్టాడని మా అత్త గోపమ్మ ఆ రోజే తేల్చేసింది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని ఊళ్లో అందరికీ చెప్పిన నేను, మా ఇంట్లో మాత్రం ఆ నింద అలాగే ఉండనిచ్చాను. పాత పుండు ఎందుకు కెలకడమని అనుకున్నాను. నిజానికి అది భయం.

ఇంటి దగ్గర ఆటో దిగాక అఖిల అడిగింది.

"మూడు నెలలు ఎందుకు ఆగాల్నో ఆయనకేం చెప్పాలె? నన్ను గూడ పొట్లం కట్టి చెప్పమంటవా?"

చెంప మీద కొట్టినట్టయింది. నేనే చెబుతానన్నాను. కానీ వియ్యపురాలి ముఖం కళ్ల ముందు మెదిలింది. ఈ పిల్ల పుట్టింట్లో ఇలాంటి కాన్పు ఉందట అని వాళ్లు అనుకుంటారు. ముందే చెప్పలేదేమంటారు. ఫోన్ చేతిలో పట్టుకుని, నొక్కలేక వాకిట్లో నిలబడిపోయాను.

మగ్గం చప్పుడు ఆగింది. బిక్షం గుంతలోంచి లేచి వచ్చాడు. అఖిల జరిగిందంతా ఆయనకు చెప్పింది.

"గ్రహణం కాదని నాకు ఎర్కనే," అన్నాడు ఆయన. "నీకు ట్రెయినింగుల ఇచ్చిన పుస్తకం నేను గూడ సదివిన. మా అమ్మ మాటకు ఎదురు చెప్పుడెందుకని ఊకున్న. ఆమె పోయినంక గూడ ఊకున్న."

పద్దెనిమిదేళ్లు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆయన మీద అరవాలనిపించింది. కానీ నాకు ఆ అర్హత ఏదీ?

ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని అల్లుడికి కలిపాడు. అవతల ప్రమోద్ పలికినట్టున్నాడు. ఆ పిల్లవాడిని పాతిపెట్టి వచ్చిన రోజు నుంచి ఇప్పటివరకు మా ఆయన నోట వినని మాట అప్పుడు విన్నాను.

"బిడ్డా, మాకు అఖిల కంటె ముందు ఒక కొడుకు పుట్టిండు."