మాత్రల మాట లేని నోటీసు

నరసరావుపేటలోని ప్రజావైద్యశాలలో నరాల డాక్టరుగారు నెలకొక్కసారి, రెండో మంగళవారం మాత్రమే చూస్తారు. ఆ మంగళవారానికి నాలుగు రోజుల ముందు, శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆయన ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మెట్ల మీద జారి కాలు విరిగిందట. ఆరు వారాలు కదలకూడదట.

ఫోన్ పెట్టేసి ఓపీ కౌంటరు ఇన్‌చార్జి బ్రహ్మాజీ కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన కూలబడినా హాలంతా వినిపించేలా కూలబడేవాడు.

"మంగళవారం ఓపీ రద్దు! రద్దు అంటే రద్దీ తగ్గాలిగా? చూస్తా ఉండు సుష్మితా, ఇక్కడ రద్దు చేస్తేనే రద్దీ!"

మందుల కిటికీ దగ్గర మాత్రల పెట్టెలు సర్దుతున్న ఫార్మసిస్టు సుష్మిత నవ్వింది. "ఓపీలో ఓపిక లేనిది మీకొక్కరికే బాబాయ్. ముందు నోటీసు రాయండి."

"రాస్తా. నోట మాట పడిపోయినప్పుడే కదా నోటీసు రాసేది."

ఆ మంగళవారానికి అరవై ఒక్క మందికి టోకెన్లు ఇచ్చి ఉన్నారు. పది మైళ్ళ అవతలి వాళ్ళు, అరవై మైళ్ళ అవతలి వాళ్ళు, కూలి మానుకుని వచ్చేవాళ్ళు. గంటసేపు కూర్చుని రాసి, పైవాళ్ళతో సరే అనిపించుకుని, బ్రహ్మాజీ అరవై ఒక్క నంబర్లకూ ఈ సందేశం పంపించాడు. దాన్నే పెద్ద అక్షరాలతో గోడకీ అంటించాడు.

*రోగులకు మనవి. డాక్టరుగారికి ప్రమాదం జరగడం వల్ల ఈ మంగళవారం నరాల ఓపీ ఉండదు. దూరం నుంచి వచ్చే మీకు కలుగుతున్న ఇబ్బందికి మన్నించమని కోరుతున్నాము. మీరు ఈ మూడింటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. ఒకటి: వచ్చే నెల రెండో మంగళవారం వేరే డాక్టరుగారు చూస్తారు. మీ పాత టోకెనే చెల్లుతుంది, మళ్ళీ ఫీజు లేదు, మీదే ముందు వరస. రెండు: ఈ గురువారం సత్తెనపల్లిలోని మా శాఖలో నరాల డాక్టరుగారు చూస్తారు. బుధవారం లోపు ఫోన్ చేసి పేరు చెప్పండి. మూడు: రానవసరం లేదనుకుంటే టోకెను డబ్బు తిరిగి తీసుకోండి.*

"మూడు దారులు చూపించా. ఇంక ఎవరన్నా దారి తప్పితే నా తప్పు కాదు," అన్నాడు బ్రహ్మాజీ.

మధ్యాహ్నం అన్నం తిని వస్తూ సుష్మిత గోడ ముందు ఆగింది. చదివింది. మళ్ళీ చదివింది. టిఫిన్ డబ్బా చేతిలోనే ఉంది.

"బాబాయ్, ఫిట్స్ వాళ్ళకి మనం మాత్రలు ఎన్ని రోజులకిస్తాం?"

"నెలకి."

"నెలకి కాదు. ఇరవై ఎనిమిది రోజులకి. సరిగ్గా ఈ మంగళవారం పొద్దుటిదాకా. మీరేమో ఇంకో నెల ఆగమని రాశారు. ఈ నాలుగు వారాలూ వాళ్ళేం మింగాలి? మీ క్షమాపణా?"

ఆ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో బ్రహ్మాజీకి డాక్టరు చెప్పనక్కర్లేదు. అదే హాల్లో, అవే సిమెంటు బెంచీల మీద ఎందరు పడిపోవడం చూశాడో.

డ్యూటీ డాక్టరు మిస్బా వెంటనే ఒప్పుకుంది. పాత చీటీ తీసుకుని ఏ రోజైనా వస్తే తను చూసి, వచ్చే ఓపీ దాకా అవే మందులు రాస్తుంది. సాయంత్రం అయిదింటికి రెండో సందేశం వెళ్ళింది: *మాత్రలు ఆపవద్దు, తగ్గించవద్దు. పాత చీటీతో ఏ రోజైనా ఆసుపత్రికి రండి. ఫిట్స్ వస్తే ఓపీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.*

శనివారం ఇరవై మంది దాకా వచ్చారు. ఆదివారం ఎమర్జెన్సీ దగ్గరికి ఏడుగురు. సోమవారం పొద్దున ఇంకో పదిహేను మంది. పదకొండింటికి సుష్మిత పేర్ల కాయితం తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"చిలకలూరిపేట వైపు వాళ్ళు వచ్చారు. ముప్పాళ్ళ వాళ్ళు వచ్చారు. గురజాల వైపు నుంచి ఒక్కరంటే ఒక్కరు రాలా."

"దూరం కదా."

"పదకొండు మంది బాబాయ్. పదకొండు మందికీ దూరమేనా?"

బ్రహ్మాజీ కంప్యూటరులో ఆ పదకొండు పేర్లూ తెరిచాడు. మొదటి పేరు పక్కన నంబరు చూశాడు. రెండో పేరు పక్కన చూశాడు. మూడోది చూసేసరికి కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. పదకొండు మందికీ ఒకటే నంబరు.

అది ఖాసిం నంబరు. ఖాసింకి గురజాలలో మ్యాజిక్ బండి ఉంది. నెలకోసారి చుట్టుపక్కల ఊళ్ళ రోగుల్ని ఎక్కించుకుని నరసరావుపేట తెచ్చి, టోకెన్లు తనే తీసి, సాయంత్రం ఇళ్ళ దగ్గర దింపుతాడు. ఫోన్ నంబరు చెప్పమంటే అందరూ ఖాసిం వైపు చూసేవాళ్ళు. ఖాసిం తన నంబరు చెప్పేవాడు. నాలుగేళ్ళుగా ఆ నంబరును పదకొండుసార్లు టైపు చేసింది బ్రహ్మాజీయే.

ఆసుపత్రి ఫోన్ నుంచి చేస్తే కలవలేదు. సొంత ఫోన్ నుంచి చేశాడు.

"ఒరేయ్ ఖాసిం! మా ఫోన్ ఎత్తవేందిరా?"

"మీదా బ్రహ్మాజీగారూ? ఆ నంబరు బ్లాక్ చేశాగా. శుక్రవారం టింగు టింగుమని ఒకటే మెసేజి పదకొండుసార్లు పంపారు. బండి నడపనియ్యరా నన్ను? మొదటిది చదివా, విషయం అర్థమైంది, మూసేశా."

"అయితే సాయంత్రం పంపిన రెండోది?"

"రెండోదేంది?"

బ్రహ్మాజీ బల్ల అంచు పట్టుకున్నాడు. "మొదటిది చదివి వాళ్ళకేం చెప్పావు?"

"వచ్చే నెలకి మార్చారు, అప్పుడే పోదామని చెప్పా."

"మూడు దారులు రాశాం కదరా!"

"మూడూ చెప్తే పదకొండు మంది మూడు దిక్కులకి పోతారు, నాకు బండొకటేగా. అందుకని ఒకటే చెప్పా. తప్పా?"

"మాత్రలు అయిపోతాయి కదరా! వాటికేం చేస్తున్నారు వాళ్ళు?"

అవతల బండి ఇంజను ఆగిన చప్పుడు. ఖాసిం గొంతు తగ్గింది. "అది... ఎవరికి వాళ్ళు సర్దుకుంటున్నారు. పిచ్చమ్మత్త రోజు మార్చి రోజు వేసుకుంటంది. చిన్నకోటయ్య పొద్దున మాత్ర మానేసి రాత్రికి అర మాత్ర మింగుతున్నాడంట. వాళ్ళావిడ కోటేశ్వరి చెప్పింది, చాకుతో కోసి పెడతందంట. పదహారు రోజులొస్తాయని లెక్కేసుకున్నారు."

"ఎప్పటి నుంచి?"

"నేను చెప్పినప్పటి నుంచే. శుక్రవారం."

మూడు రోజులు. బ్రహ్మాజీ ఫోన్ స్పీకరులో పెట్టి, మిస్బా గది తలుపు తోసుకుని లోపలికి పోయాడు. హాల్లో జనం తలలు తిప్పి చూశారు. ఆ మనిషి అరవకుండా నడవడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

"కోటయ్య ఇప్పుడెక్కడున్నాడు?" అని సంగతంతా విని అడిగింది మిస్బా.

"నాపరాళ్ళ క్వారీలో మేడమ్. లారీ మీద రాళ్ళు సర్దుతుంటాడు."

"లారీ మీదా?" మిస్బా లేచి నిలబడింది. "వెంటనే వెళ్ళి కిందికి దింపండి. ఫోన్ కట్ చెయ్యొద్దు."

క్వారీ పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాలూ మిస్బా బల్ల మీద ఫోన్‌లో ఇంజను రొద తప్ప ఏమీ లేదు. సుష్మిత తలుపు దగ్గర నిలబడింది. బ్రహ్మాజీ తను రాసిన నోటీసు నకలు చేతిలో పట్టుకుని, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చూస్తూ ఉన్నాడు. మన్నించమని కోరుతున్నాము. ఎంత అందంగా రాశాడు!

ఇంజను ఆగింది. రాళ్ళు పడే చప్పుడు. ఖాసిం అరుపు.

"కోటయ్యా! ఒరేయ్ దిగు!"

దూరం నుంచి ఇంకో గొంతు. "ఏందిరా? సగం లోడైంది, కాసేపాగు!"

"దిగమంటే దిగవేందిరా! డాక్టరమ్మ లైన్లో ఉంది!"

"ఓపీ లేదన్నావుగా!"

"నీ ఎంకమ్మ, దిగు ముందు! చెయ్యియ్యి. ఆ కాలు ఇటు పెట్టు. ఆ... ఆ... వచ్చేశాడు మేడమ్, నేల మీదున్నాడు. ఇదిగో మాట్లాడరా."

"హలో," అన్నాడు చిన్నకోటయ్య. "నమస్తే మేడమ్. నేను బాగానే..."

మాట అక్కడ ఆగిపోయింది. తర్వాత ఏదో బరువుగా పడిన చప్పుడు.

"యా అల్లా!" అన్నాడు ఖాసిం. "మేడమ్! కొట్టుకుంటన్నాడు మేడమ్! ఒరేయ్ ఎవరన్నా తాళాలియ్యండిరా!"

"తాళాలొద్దు," అంది మిస్బా. గొంతు ఎత్తలేదు. "చేతిలో ఇనుము పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు. చుట్టూ రాళ్ళు తీసెయ్యండి. తల కింద కండువా పెట్టండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఇంకొకర్ని 108కి చెయ్యమనండి. నేను టైము చూస్తున్నా."

గోడ గడియారం వైపు ముగ్గురూ చూశారు. ఒక నిమిషం. రెండు. బ్రహ్మాజీ చేతిలో నోటీసు నలిగి ఉండలా అయింది. రెండున్నర.

"ఆగింది మేడమ్," అన్నాడు ఖాసిం ఏడుస్తూ. "ఊపిరి తీస్తన్నాడు. లారీ మీద ఉండుంటే... మేడమ్, లారీ మీద ఉండుంటే..."



గురజాల ఆసుపత్రిలో చూపించి, సాయంత్రానికి 108లోనే చిన్నకోటయ్యను నరసరావుపేట తెచ్చారు. వెనకాలే ఖాసిం మ్యాజిక్ బండిలో మిగతా పదిమందీ దిగారు. మిస్బా ఒక్కొక్కరినీ చూసి మందులు రాసింది. పిచ్చమ్మత్త మాత్రం కౌంటరు ముందు నిలబడి, "ఇంత తొందరెందుకయ్యా, వచ్చే నెల రమ్మన్నారుగా," అంటూనే ఉంది.

ఖాసిం బ్రహ్మాజీ ముందుకొచ్చి తల దించుకున్నాడు. "తప్పు నాదే బ్రహ్మాజీగారూ. మూడూ చెప్పుంటే..."

"నీది మూడో వంతే. నాలుగేళ్ళు కళ్ళు మూసుకుని నీ నంబరు కొట్టింది నేను. మాత్రల మాట మర్చిపోయి ముత్యాల్లాంటి నోటీసు రాసిందీ నేనే."

కోటేశ్వరి మొగుడి మంచం పక్క నుంచి లేచి వచ్చింది. ఆమె చెంగుకి ఇంకా తెల్లటి మాత్ర పొడి అంటుకుని ఉంది. గోడ మీది నోటీసు చూసింది.

"అన్నా, ఇందులో మొదట ఏం రాశారు?"

"డాక్టరుగారికి ప్రమాదం జరిగిందని. మన్నించమని."

"ఆయన కాలు సంగతి మాకెందుకన్నా ముందు? మాత్ర మాట మొదట రాయి. ఆపొద్దని రాయి, కోయొద్దని రాయి. చాకుతో కోయొద్దని రాయి. మన్నించమనేది అడుగున రాసుకో, తీరిక ఉంటే చదువుకుంటాం." ఆగి, మళ్ళీ అంది. "ఇంకోటి. నా నంబరు రాసుకో. ఖాసింది కొట్టెయ్యి."

బ్రహ్మాజీ కీబోర్డు దగ్గరికి లాక్కుని ఆమె చెప్పిన పది అంకెలూ కొట్టాడు. కొట్టి, ఆమె చేతే ఒకసారి చదివించాడు. అక్కడే నిలబడి ఆ నంబరుకి ఫోన్ చేశాడు. ఆమె చెంగు ముడిలో ఫోన్ మోగింది. అప్పుడు గానీ తర్వాతి పేరు పిలవలేదు. పదకొండు మందికీ అలాగే చేశాడు. ఫోనే లేని ఇద్దరికి పక్కింటి వాళ్ళ నంబర్లు రెండేసి రాసుకున్నాడు.

పాత నోటీసు తీసేసి, కోటేశ్వరి చెప్పిన వరసలో కొత్తది అంటించేటప్పటికి లోపల చిన్నకోటయ్య కళ్ళు తెరిచాడు. సుష్మిత నీళ్ళ గ్లాసూ మాత్రా తెచ్చింది. అతను దాన్ని అరచేతిలోకి తీసుకుని, అలవాటుగా భార్య వైపు చాచాడు.

"కొయ్యవే."

కోటేశ్వరి అతని వేళ్ళు మాత్ర మీదికి మూసింది.

"మొత్తం మింగు," అంది.