అత్తయ్య చేతి మాత్ర

మామగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు, నర్సు ఆయన్ని మంచం మీద దిండుకి ఆనించి కూర్చోబెట్టి, కోడలికి స్టూలు జరిపింది. నర్సు నడివయసు మనిషి. గొంతు బొంగురు, మాటలో తొందర లేదు.

"ముందు నేను చెప్తాను. తర్వాత మీరిద్దరూ నాకు తిరిగి చెప్పాలి. పాఠం ఒప్పజెప్పాకే ఇంటికి," అంది.

కాగితం మీద పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని నాలుగు గడులు గీసి ఉన్నాయి. అక్షరాలు మామగారి కళ్ళకి అందేంత పెద్దవి. పొద్దున తిన్నాక మూడు మాత్రలు: గుండె దడని అదుపులో పెట్టే చిన్న తెల్లది, ఒంట్లో నీరు తీసేది, రక్తం గడ్డకట్టకుండా చూసే గులాబీ రంగుది. గులాబీది రాత్రి మరొకటి. మధ్యాహ్నం, సాయంత్రం గడుల్లో అడ్డగీతలు.

"మధ్యాహ్నం ఏమీ లేదా?" అన్నాడు మామగారు, విస్తట్లో ఏదో వడ్డించడం మరిచిపోయినట్టు.

"లేదు నాన్నగారూ. హాయిగా పడుకోండి."

"మా ఆవిడకి మధ్యాహ్నమే ఉండేది. నేనే ఇచ్చేవాణ్ణి."

అత్తయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదని కోడలు మెల్లగా చెప్పింది. నర్సు ఆయన చేతి మీద చెయ్యి వేసి, కాగితం రెండో వైపు తిప్పింది.

అక్కడున్నవి ప్రమాద సూచనలు. పాదాలు వాచినా, బరువు గబగబా పెరిగినా, పడుకుంటే ఊపిరాడకపోయినా ఫోన్ చెయ్యాలి. మలం నల్లగా వచ్చినా, రక్తం కారడం ఆగకపోయినా, పడి తలకి దెబ్బ తగిలినా వెంటనే తీసుకురావాలి. తెల్ల మాత్ర ఇచ్చేముందు రోజూ నాడి చూడాలి. నిమిషానికి అరవై కన్నా తక్కువ కొట్టుకుంటే మాత్ర ఇవ్వకూడదు, ఫోన్ చెయ్యాలి. తిండి సయించకపోయినా, వాంతులైనా, మనిషి తికమక పడినా, దీపాల చుట్టూ పసుపు రంగు కనిపించినా ఆ మాత్ర ఒంట్లో ఎక్కువైందేమోనని అనుమానించాలి.

"దీపాల చుట్టూ పసుపా?" కోడలికి వింతగా అనిపించింది.

"అవునమ్మా. వింటే నవ్వొస్తుంది. కానీ మరిచిపోవద్దు. ఒక పూట మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వెయ్యొద్దు. ఒళ్ళు నొప్పులని కొట్లో మాత్రలు కొనొద్దు. ఇంట్లో పాత మందులేమైనా ఉన్నాయా?"

"ఆయనవి అన్నీ తెచ్చిచ్చేశానండీ."

అది నిజమే. ఆయనవి అన్నీ తెచ్చింది.

ఇద్దరూ ఒప్పజెప్పారు. మామగారు తెల్ల మాత్ర సంగతి తప్పు లేకుండా చెప్పి, నర్సు "భేష్" అంటే చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

ఇంట్లో ముందుగది కోడలి కుట్టుపని గది. మిషను, ఇస్త్రీ బల్ల, కొలతల టేపు, గోడకి మొలలు కొట్టి వేలాడదీసిన జాకెట్లు. వెనకగది మామగారిది. మధ్యలో ఒక కర్టెన్. భర్త దూరాలకి లారీ తోలతాడు. వారాల తరబడి ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే. కాగితాన్ని ఆమె వంటగది తలుపుకి అంటించింది. పొద్దున్నే ఆయన మణికట్టు పట్టుకుని, గోడగడియారం చూస్తూ నాడి లెక్కపెట్టేది. ఆయన ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు, కదిలితే లెక్క తప్పుతుందేమోనని.

మొదటి రోజులు బాగానే గడిచాయి. తర్వాత ఒక మధ్యాహ్నం, మిషను ఆపి దారం ఎక్కిస్తుంటే, కర్టెన్ అవతల మాటలు వినిపించాయి.

"నువ్వు కూర్చో ముందు. కాళ్ళు లాగుతాయి," అంటున్నాడు మామగారు. కాసేపు మౌనం. అవతలివాళ్ళు జవాబిస్తే వినేంత సేపు. తర్వాత సన్నగా నవ్వు.

కోడలు కర్టెన్ తొలగించి చూసింది. మంచం పక్కకి కుర్చీ లాగి ఉంది. కుర్చీ ఖాళీ. బల్ల మీద రెండు గ్లాసులు.

"ఎవరితో మామయ్యగారూ?"

"మీ అత్తయ్యతోనమ్మా," అన్నాడాయన, పక్కింటివాళ్ళు వచ్చి వెళ్ళినంత మామూలుగా.

ఆమె గ్లాసులు తీసుకెళ్ళి కడిగింది. ఫోన్‌లో భర్తకి చెబితే, "దిగులే, పాపం. ఇన్నేళ్ళ కాపురం. మాట్లాడుకోనీ," అన్నాడు. ఆమె ఇక పొడిగించలేదు.

కానీ ఆ రోజు నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె చెవులు కర్టెన్ వైపే ఉండేవి. మిషను తొక్కుతున్నా పాదం దానంతట అదే ఆగిపోయేది. ఒకసారి కుర్చీ కిర్రుమన్నట్టు అనిపించింది. ఒకసారి కర్టెన్ అంచు, ఎవరో వేలితో పట్టుకున్నట్టు, లోపలికి వంగింది. గాలే అనుకుంది. కిటికీ చూస్తే మూసి ఉంది. అత్తయ్యంటే ఆమెకి భయం లేదు, ఎప్పుడూ. గుడ్డ కత్తిరించడం నేర్పింది ఆవిడే. భయమల్లా, కర్టెన్ తీస్తే నిజంగా కనిపిస్తుందేమోనని. కనిపిస్తే ఏం మాట్లాడాలో తెలియదని.

అంతలో మామగారికి తిండి తగ్గింది. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవాడు. వాసన పడటం లేదనేవాడు. ఒక పొద్దున వాంతి చేసుకున్నాడు. ఆ పూట నాడి ముందురోజుల కన్నా నిదానంగా ఉంది కానీ, అరవై దాటి కిందికి పోలేదు. ఎండ దెబ్బేమో అనుకుని మాత్ర ఇచ్చేసింది.

మర్నాడు సాయంత్రం దీపం వేసి ఆయన గదిలోకి వెళ్ళింది. ఆయన బల్బు వైపు చూస్తూ చిరునవ్వుతో కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు సాయంత్రాలు కూడా వస్తోందమ్మా. ఎంత బాగుందో. ఒంటి చుట్టూ పసుప్పచ్చగా వెలుగు. అదిగో, ఆ బల్బు చుట్టూ ఉంది చూడు, అలాగే."

కోడలు బల్బు చూసింది. మామూలు తెల్ల బల్బు.

కాగితం చూడ్డానికి వంటగది తలుపు దాకా వెళ్ళక్కర్లేకపోయింది. నర్సు గొంతే చెవిలో మోగింది. గబుక్కున కూర్చుని ఆయన మణికట్టు పట్టుకుంది. కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్ళీ తలుచుకున్నట్టు కొట్టుకుంటోంది. నిమిషం పూర్తయ్యేసరికి లెక్క అరవైకి చాలా దూరంలో ఆగిపోయింది.

"మామయ్యగారూ, అత్తయ్య మీకేమైనా ఇస్తోందా? తినడానికి?"

"ఇన్నాళ్ళూ మీరు నాకిచ్చారు, ఇప్పుడు నేనిస్తానంటుంది." ఆయన దిండు కింద చెయ్యి పెట్టి, పాత ప్లాస్టిక్ డబ్బా తీశాడు. అత్తయ్య మందుల డబ్బా. ఆవిడ చీరల అడుగున ఉండాల్సింది. లోపల సగం ఖాళీ అయిన మాత్రల అట్ట.

ఆమె నర్సు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. "ఇంకేమీ వెయ్యొద్దు. నడిపించొద్దు. ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకుని వెంటనే తీసుకొచ్చెయ్యండి," అంది అవతలి గొంతు. కుట్టు గుడ్డల సంచిలో డబ్బా, ఆయన మాత్రలు, కాగితం వేసుకుని, ఎదురింటాయన కారులో ఆయన్ని పడుకోబెట్టి తీసుకెళ్ళింది. దారంతా ఆయన చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో గుండె పరీక్ష చేశారు, రక్తం తీశారు, ఛాతీకి తీగలు తగిలించారు. డాక్టరు తెల్ల మాత్ర అట్ట, అత్తయ్య అట్ట పక్కపక్కన పెట్టి చూపించింది. రంగు వేరు, పైన పేరు వేరు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు మాత్రం ఒకటే.

"మీ అత్తగారిది ఇంకా ఎక్కువ మోతాదు. రెండూ కలిసి పేరుకుపోయాయి. పైగా నీరు పోయే మాత్రతో ఒంట్లో పొటాషియం తగ్గింది, దాంతో ఈ మందు మరీ విషమైంది. వాంతులు, పసుపు రంగు, మనుషులు కనబడటం, అన్నీ దాని పనే. రేపటిదాకా ఆగుంటే గుండె ఆగేదేమో."

మందు ఆపి, పొటాషియం ఎక్కించి, రాత్రింబవళ్ళు తెర మీద గుండె గీతలు చూస్తూ ఉంచారు. రోజులు గడిచేకొద్దీ గీతలు కుదురుకున్నాయి. అన్నం వాసన మళ్ళీ అన్నం వాసనైంది. కొడుకు లారీ అప్పజెప్పి వచ్చి, నాన్న పాదాల దగ్గర కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం కొడుకు కిందికి వెళ్ళినప్పుడు, మామగారు కోడలిని దగ్గరికి పిలిచాడు.

"నీకో మాట చెప్పాలి. వాడికి చెప్పకు. మొదటిసారి ఆవిడ రాలేదు. నేనే డబ్బా తీశాను. మధ్యాహ్నం గడిలో గీత కొట్టి ఉంది చూడు, ఆ పూట గడవట్లేదమ్మా. ఆవిడకిచ్చే మాత్ర చేతిలో పట్టుకుంటే కాస్త నెమ్మదిగా ఉండేది. ఒకరోజు నోట్లో వేసుకున్నాను. కొన్నాళ్ళకి ఆవిడొచ్చింది."

కోడలు స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"తర్వాత నాకు అర్థమైంది, మాత్ర వల్లేనని. నర్సమ్మ చెప్పిన పాఠం నాకూ వచ్చుగా." ఆయన కళ్ళు తుడుచుకోలేదు. "చెప్తే ఆపేస్తారు. ఆపితే రాదు. అందుకే చెప్పలేదు."

ఆమె ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, "ఈ మాట డాక్టరుగారికి చెప్పాలి మామయ్యగారూ," అంది. ఆయన తల ఊపాడు. డాక్టరు వచ్చి కూర్చుని అంతా విని, దిగులుకి కూడా వైద్యం ఉంటుందని, వారానికోసారి వచ్చి మాట్లాడి వెళ్ళమని ఒకరి పేరు రాసిచ్చింది.

రెండోసారి ఇంటికి పంపేటప్పుడు అదే నర్సు కొత్త కాగితం తెచ్చింది. తెల్ల మాత్ర లేదు. దాని చోట వేరే మందు. అత్తయ్య డబ్బాని ఆసుపత్రి మందుల గదిలో పారవెయ్యడానికి కోడలే అప్పగించింది. అవతలికి జరుపుతుంటే వేళ్ళు ఒక పట్టాన వదల్లేదు. డబ్బా మూత మీద ఆవిడ పేరు, మామగారి చేతిరాతలో.

"ఇంట్లో ఇంకెవరి మందులూ లేవు కదా?" నర్సు ఈసారి అలా అడిగింది.

"లేవండీ."

"మనుషులు కనబడినా, మాటలు వినబడినా వెంటనే చెప్పాలి నాన్నగారూ. మీ నోటితో నాకు తిరిగి చెప్పండి."

"కనబడితే చెప్తాను," అన్నాడాయన.

ఇంటికొచ్చాక మిషను కర్టెన్ దగ్గరికి జరిపించుకుంది కోడలు. మధ్యాహ్నం భోజనం కాగానే లోపలికెళ్ళి, మంచం పక్క కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతుంది. ఆయన తినే నాలుగు ముద్దలు నాలుగూ తింటాడు. ముఖంలో రంగొచ్చింది. నాడి గడియారంలా నడుస్తోంది.

"ఈ రోజు ఎవరైనా కనిపించారా మామయ్యగారూ?" అని రోజూ అడుగుతుంది. కాగితంలో అడగమని ఉంది.

"లేదమ్మా," అంటాడాయన, కిటికీ వైపు చూస్తూ.

మంచి జవాబే. రావలసిన జవాబే. కానీ అది విన్న ప్రతిసారీ సూది ఆమె చేతిలో ఆగిపోతుంది. కట్టుకున్న మనిషిని ఆయన దగ్గర్నుంచి మళ్ళీ పంపించేసింది తనేనని, ఈసారి తలుపు తన చేత్తోనే వేసిందని అనిపిస్తుంది. ఇద్దరూ మాట్లాడకుండా కూర్చుంటారు, ఆ ఇంట్లో ఏ చప్పుడూ లేని ఆ పూట గడిచేదాకా.