పిట్టగోడ వంకర

జగ్గయ్యపేటలో కిషోర్‌బాబు స్టూడియోలో కంప్యూటర్ పనంతా మనోజ్ఞదే. నందిగామలోని దశరథరామయ్య తన విత్తనాల కొట్టుకి పేరు మార్చాడు. కేలండరు కోసం ఫొటోలో పాత బోర్డు తీసేసి కొత్తది పెట్టమన్నాడు. రోడ్డు ఇరుకని కిషోర్‌బాబు వైడ్ లెన్సుతో తీశాడు. పైనున్న పిట్టగోడ, దాని మీది బోర్డు మధ్యలో విల్లులా పైకి లేచాయి.

"బోర్డునే కాస్త వంచి అతికించెయ్యమ్మా," అన్నాడు కిషోర్‌బాబు.

"అక్షరాలూ వంగుతాయండి. వంకర లెన్సుది. ముందు ఫొటో సరిచేస్తా."

అప్పుడే వచ్చిన దశరథరామయ్య తెర చూసి మండిపడ్డాడు. "గోడ వంకరగా కట్టావంటే మేస్త్రి ఒప్పుకోడు. ఆర్నెల్లుగా మాటల్లేవు మాకు. ఈ ఫొటో వాడి మొహాన కొడతా, నాకో కాపీ తియ్యమ్మాయ్."

మనోజ్ఞ ఫొటో అంచున ఉన్న కరెంటు స్తంభం చూపించింది. "ఇదీ బయటికి వంగింది బాబాయిగారూ. ఇదీ మీ మేస్త్రే పాతాడా?"

ఆయన తెర దగ్గరికి వంగి స్తంభాన్ని పరీక్షగా చూశాడు.

ఆమె తెర మీద గళ్లు పెట్టుకుని, లెన్సు వంపు తీసే స్లైడరును మెల్లగా జరిపింది. స్తంభం నిలువు గీతకు ఆనగానే పిట్టగోడ కూడా అడ్డగీత మీదికి వచ్చి కూర్చుంది. అంచుల్లో మిగిలిన ఖాళీ కత్తిరించి, కొత్త బోర్డు నాలుగు మూలలూ పాత బోర్డు మూలలకు కలిపింది. అది అక్కడే పుట్టినట్టు అమరింది.

"ఇందాకటి వంకర ఫొటో కాపీ ఇవ్వమంటారా?" అంది.

దశరథరామయ్య చెప్పులేసుకుంటూ అన్నాడు: "వద్దులే. కేలండర్లలో మొదటిది విడిగా పెట్టు. మేస్త్రి ఇంటికి నేనే పట్టుకెళ్లాలి."