పౌడరు డబ్బాలో ముడులు

“ఇది ఉతికితే జానెడు కుంచించుకుపోదు కదా?” అన్నాను. అప్పటికి గుడ్డల మూట తాడు కూడా విప్పలేదు.

మా అమ్మాయి నేల మీద కూర్చుని ముడి విప్పుతూ నవ్వింది. “కుంచించుకుంటుందమ్మా. అందుకే కోయకముందే ఉతుకుతున్నాం. పోవాల్సిందేదో మన ఇంట్లోనే పోతుంది, కొన్నవాళ్ళింట్లో కాదు.”

“మరి రంగు?”

“మొదటి ఉతుకులో కాస్త వదులుతుంది. చీటీలో రాస్తున్నాం.”

“చీటీ చదవకుండా తెల్లబట్టలతో కలిపి నానేస్తే?”

మిషను దగ్గర కూర్చున్న టైలరక్క దారం కొరుకుతూ అంది: “కొనేవాళ్ళు ఇంకా కొట్టు మెట్లే ఎక్కలేదు. వాళ్ళ తరఫున తగువు అప్పుడే మొదలెట్టింది మీ అమ్మ.”

ముగ్గురం నవ్వుకున్నాం. కానీ నా గుబులు నాదే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మేలెంచే వరకు నేనెప్పుడూ రాలేదు, కీడు దగ్గరే పొద్దుపోతుంది.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కోత బల్ల, రెండు మిషన్లు. వెనక గదిలో మా పడక. మా అమ్మాయి ఉన్న ఉద్యోగం మానేసి ఈ పని మొదలుపెట్టి ఏడాది దాటింది. మగ్గం గుడ్డ చీరలకీ పంచెలకీ తప్ప పనికిరాదని ఎవరన్నారు అంటుంది. చదువుకునే పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు వేసుకునేలా పొట్టి కోట్లు, వదులు చొక్కాలు, లాప్‌టాప్ పెట్టుకునే సంచులు కుట్టిస్తుంది. ప్రతిదానికీ జేబు ఉండి తీరాలి. “జేబు లేకపోతే ముట్టుకోరమ్మా” అంటుంది. గుడ్డ వెడల్పంతా వాడుకునేలా కోస్తుంది. మగ్గం మీద వచ్చిన అంచునే కోటు కింది అంచుగా ఉంచేస్తుంది, మడత కుట్టే పనిలేకుండా. మిగిలిన ముక్కలు జేబులవుతాయి. జేబుకీ చాలనివి జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లవుతాయి. చెత్తబుట్టలోకి దారప్పోగులు తప్ప ఏమీ వెళ్ళదు.

గుడ్డ నేసే ఆయన్ని మా అమ్మాయి బాబాయ్ అని పిలుస్తుంది. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా ఒకే షావుకారుకి చీరలు నేశాడు. ఆ చీరలు ఎవరు కట్టుకున్నారో ఆయనకు తెలియదు, ఎవరు నేశారో కట్టుకున్నవాళ్ళకు తెలియదు. మా అమ్మాయి వెళ్ళి మగ్గం పక్కన మూడు రోజులు కూర్చుని అడిగితే ఒప్పుకున్నాడు. అదీ ఒక్క పడుగుకే. మగ్గం మీదికి ఒకసారి ఎక్కించే నిలువు పోగులన్నిటినీ కలిపి పడుగంటారు. “ముందు ఒక్క పడుగు చూద్దాం. రెండోది తర్వాత చెబుతా. ఈలోపు షావుకారు నూలు పక్కన పెట్టే ఉంచుతా” అన్నాడట.

ఆ ఒక్క పడుగు మీద నేసినవే ఈ రెండు తాన్లు. నీలిమందు అద్దిన నూలు, మధ్యమధ్య సన్నటి తెల్ల చారలు. కాలేజీ దగ్గరి కొట్టువాళ్ళు ఇరవై నాలుగు కోట్లు అడిగారు. అవి నచ్చితే ఇంకా కావాలన్నారు. రెండో పడుగు లేకపోతే ఆ ఇంకా అన్నది ఎక్కడి నుంచి వస్తుంది? ఇంత నిదానంగా, ఇంత ఒత్తుగా నేసేవాడు మరొకడు దొరకలేదు మా అమ్మాయికి. అదీ సంగతి. ఆ గుడ్డ మీదే నా పిల్ల ఏడాది కష్టమంతా నిలబడి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మా అమ్మాయీ, టైలరక్కా నమూనా కోటు చూపించడానికి కొట్టుకు వెళ్ళారు. ఇంట్లో నేనూ తాన్లూ మిగిలాం. ఊరికే ఉండలేక ఒక తాను విప్పి కిటికీ వెలుతురులో చూశాను. గుడ్డ ఒకవైపు నున్నగా ఉంది. రెండోవైపు అక్కడక్కడ ఆవగింజంత ముడులు, వాటికి చిన్నచిన్న దారం తోకలు.

పోయిన నెలే ఒకమ్మాయి సంచి తిప్పి పంపింది, “దారాలు వేలాడుతున్నాయి, పాతదిచ్చారు” అని. ఇప్పుడు ఇరవై నాలుగు కోట్లూ అలా తిరిగొస్తే? కొట్టువాళ్ళు మళ్ళీ గుమ్మం తొక్కనిస్తారా?

చిన్న కత్తెర తీసుకుని కూర్చున్నాను. ఒక్కో ముడినీ గోటితో పైకి లేపి మొదలంటా కత్తిరించాను. కత్తిరించిన చోట వేలితో రాస్తే నున్నగా తగిలింది. రెండు గంటల్లో తాను మొత్తం పూర్తయింది. రెండో తాను మొదలుపెట్టే లోపు గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. గబగబా మడతపెట్టేశాను. కత్తిరించిన ముడుల్ని పారేయబుద్ధి కాలేదు. ఎందుకైనా మంచిదని పాత పౌడరు డబ్బాలో వేసి పెట్టాను. ఎందుకు మంచిదో అప్పుడు నాకూ తెలియదు.

మరుసటి రోజు తాన్లు రెండూ నానేశారు. గంజి వదిలి నీళ్ళు చిక్కబడ్డాయి. రెండుసార్లు జాడించి మేడ మీద ఆరేశారు. సాయంత్రం మా అమ్మాయి గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచి, అలాగే నిలబడిపోయింది.

తాను పొడవునా సన్నటి చీలికలు. ఒక్కోచోట అంగుళం, ఒక్కోచోట రెండంగుళాలు నిలువు పోగు జారిపోయి, కింది బల్ల చెక్క కనబడుతోంది. రెండో తాను మాత్రం చెక్కుచెదరలేదు.

“ఒక తాను శ్రద్ధగా నేసి రెండోది ఎవరికో అప్పజెప్పాడా?” అంది నెమ్మదిగా.

అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఏమంటుందో! “ఇంక నువ్వు గుడ్డ ముట్టుకోకు” అంటుందేమో! ఆ ముందు గదిలో నాకంటూ ఉన్న ఆ కాస్త చోటు పోతుందేమో! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఇంకొకరికి చెప్పేదాన్ని. నా కాలు అడుసులో ఉంటే దాచుకున్నాను.

అది ఫొటోలు తీసి ఆయనకు పంపింది. రాసింది పైకి చదివింది కూడా: “బాబాయ్, ఒక తాను నిండా కన్నాలే. ఇలాగైతే రెండో పడుగు గురించి నేనే ఆలోచించుకోవాలి.”

ఆయన చూసినట్టు ఫోనులో గుర్తు పడింది. జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమో, కోపంతో మగ్గమే విప్పేశాడేమో, షావుకారు నూలు ఎక్కించేశాడేమో అని నేను వరసగా అన్నీ ఊహించాను. ఆయనే వస్తాడని మాత్రం ఊహించలేదు.

మూడోరోజు పొద్దున పదింటికి గుమ్మంలో నిలబడ్డాడు. సన్నటి మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, చేతిలో గుడ్డసంచి. మంచినీళ్ళు తాగి, “ఏదమ్మా ఆ తాను?” అన్నాడు.

మా అమ్మాయి పరిచింది. కళ్ళజోడు పెట్టుకుని గుడ్డ తిరగేశాడు. ఒక చీలిక మీద వేలు పెట్టి పైకీ కిందకీ తడిమాడు. ఇంకోదాని మీద పెట్టాడు. ఇంకోదాని మీద.

“పోగు తెగిందంటే తెగింది, నిజమే. మగ్గం మీద పోగులు తెగుతాయి. తెగినచోటల్లా నేను ముడేశాను. ఒక్కచోట కూడా మానలేదు,” అన్నాడు. “మరి ముడి ఏదమ్మా?”

మా అమ్మాయికి అర్థం కాలేదు. ఆయన రెండో తాను తెప్పించి తిరగేశాడు. ఆవగింజలంత ముడులు, ఎక్కడివక్కడే. “ఇవి ఉన్నాయి, ఇక్కడ కన్నం లేదు. అవి లేవు, అక్కడ కన్నం ఉంది. గంజి ఉన్నంతసేపు తెగిన పోగు కూడా అంటుకునే ఉంటుంది. ఉతికితే ముడే పట్టుకోవాలి. నా ముడులు ఎటుపోయాయి?”

టైలరక్క మిషను ఆపింది. ఆమె చూపు బల్ల మీది చిన్న కత్తెర మీదికి వెళ్ళి, నా మీదికి వచ్చింది.

లేచి వెనక గదిలోకి వెళ్ళాను. పౌడరు డబ్బా తెచ్చి మూత తీసి ఆయన ముందు పెట్టాను. “అన్నయ్యగారూ, ఇవిగో మీ ముడులు. నేనే కత్తిరించాను. లోపమనుకున్నాను. మా పిల్లకు మాట రాకూడదనుకుని చేశాను. మీకు మాట వచ్చిందని తెలిసి కూడా మూడు రోజులు నోరు మూసుకున్నాను.”

ఆయన డబ్బా అరచేతిలోకి వంచుకున్నాడు. నీలం ముడులు, గుప్పెడు కూడా లేవు. చూసి, ఒక్కటి కూడా జారనివ్వకుండా మళ్ళీ డబ్బాలో పోశాడు.

మా అమ్మాయి నా వంక చూసింది. “అమ్మా, ఒక్క మాట చెబితే ఏం పోయేది?”

“ఈ గదిలోంచి నన్ను పంపేస్తావనుకున్నాను.”

“పంపేసి? ఇరవై నాలుగు కోట్లకు గుండీలు ఎవరు కుడతారు?” అంది. గొంతులో కోపం ఉంది. కానీ దాని చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. తర్వాత ఆయన వైపు తిరిగింది. “బాబాయ్, మిమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా నింద వేశాను. అమ్మ చేసింది భయపడి. నేను చేసింది తొందరపడి. నాదే పెద్ద తప్పు. రెండో పడుగు ఎక్కిస్తారా?”

ఆయన తన గుడ్డసంచి దగ్గరికి లాక్కున్నాడు.

సంచిలోంచి నీలం నూలు కండె తీశాడు. ఈ పడుగులో మిగిలిన నూలేనట, వచ్చేటప్పుడే తెచ్చుకున్నాడు. సూదిలోకి పోగు ఎక్కించి, చీలికకు ఒక అంగుళం పైనుంచి మొదలుపెట్టాడు. అడ్డపోగు ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా, మగ్గం మీద ఎలా వెళ్తుందో అలాగే. చీలిక దాటాక ఇంకో అంగుళం ముందుకు పోయి ఆపాడు.

ఒకటయింది. రెండోది మొదలుపెట్టాడు. టైలరక్క సుద్దతో నమూనా గీతలు గీస్తూ, మిగతా చీలికల్లో ఏవి జేబు కిందికి పోతాయో, ఏవి కుట్టు మడతలోకి పోతాయో గుర్తులు పెట్టింది. మా అమ్మాయి మరో సూది తీసుకుని ఆయన పక్కన కూర్చుంది. ఆయన వద్దనలేదు. అది తప్పు పోగు మీదుగా సూది పోనిస్తే గోటితో తట్టి చూపించాడు, అంతే. నేను టీ పెట్టి తెచ్చాను. ఆయన గ్లాసు చల్లారిపోయింది. వేడి చేసి తెచ్చాను, అదీ చల్లారింది. వద్దనడానికే ఇంత ఆలస్యం చేస్తున్నాడని నాకు రూఢి అయిపోయింది. షావుకారు నూలు ఇంట్లో పెట్టుకున్న మనిషి, నిందపడి నాలుగు గంటలు బస్సులో వచ్చిన మనిషి, ఎందుకు ఔనంటాడు?

కిటికీ ఎండ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు జరిగింది. ఆయన తొమ్మిదో చీలిక పూర్తిచేసి, గుడ్డ పైకెత్తి వెలుతురుకు అడ్డంగా పట్టాడు. ఎక్కడ బాగుచేశాడో నాకు కనబడలేదు. కళ్ళజోడు తీసి గుండెల మీదికి వదిలాడు. చల్లారిన టీ అలాగే తాగేశాడు.

“ఎక్కిస్తాను,” అన్నాడు. “కానీ చీటీలో రంగు సంగతి రాసినట్టే ముడి సంగతి కూడా రాయి, ఇది మగ్గం గుడ్డ, ముడి కత్తిరించకండి అని. ఇంకోటి. పడుగు ఎక్కించే రోజు మీ అమ్మను తీసుకురా. తెగిన పోగు ఆవిడ చేతే ముడి వేయిస్తాను. ఆ తర్వాత కత్తిరించడానికి చెయ్యి వస్తుందేమో చూద్దాం.”