జీతాల ఫైలు ఎవరు కెలికారు

ఒకటో తారీఖు దాటి మూడు రోజులైనా జీతాలు పడలేదు. జీతాల ఫైలును బ్యాంకు తిప్పి పంపింది. ఖాతా నంబర్లలో అంకెలు తక్కువట. ఈ నెల ఆ ఫైలు తీసింది మా యజమాని బామ్మర్ది. చేరిన రోజు నుంచీ అతని వాలకం నాకు నచ్చలేదు. అకౌంటెంటుని, అనుమానం నా వృత్తి.

"ఏం కెలికావు బాబూ?"

"సాఫ్ట్‌వేర్‌లోంచి తీసి మన షేర్డ్ ఫోల్డర్లో పెట్టానండీ, అంతే. బ్యాంకుకి పంపింది మీరే."

ఆ అమాయకపు మొహం చూస్తే ఒళ్లు మండింది. అతని చేతే ఫైలు మళ్లీ తీయించి, పాతదీ కొత్తదీ నోట్‌ప్యాడ్‌లో పక్కపక్కన పెట్టాను. కొత్తదాంట్లో కొన్ని ఖాతా నంబర్ల ముందు సున్నాలున్నాయి. పంపినదాంట్లో లేవు. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే అలాగే రాలిపోతాయి. దొరికాడు అనుకున్నాను.

"ఎన్నింటికి పెట్టావు?"

"నాలుగింటికండీ. పెట్టేసి ఇంటికెళ్లిపోయాను."

ఫోల్డర్లో చూశాను. ఫైలు చివరిసారి మారింది ఐదూ పదికి. మార్చినవాళ్ల పేరు నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. దొంగ పేర్లేమైనా ఇరికించాడేమోనని ఆ సాయంత్రం ఎక్సెల్‌లో తెరిచి ఒక్కో పేరూ గాలించాను. ఒక్కటీ దొరకలేదు. మూసేటప్పుడు సేవ్ చేయాలా అని ఎక్సెల్ అడిగితే, చేయమన్నాను.

అతనూ స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

"ఈ కొత్తదాన్ని కూడా ఓసారి తెరిచి చూసుకుంటారా అండీ?" అని మెల్లగా అడిగాడు.